రాజీనామా చేసినా ఆ ఏడాది బోనస్ మీదే

ప్రశ్న: జీడిమెట్లలోని ఒక ప్యాకేజింగ్ యూనిట్‌లో మూడేళ్లు పనిచేసి, 2024 డిసెంబరు 31న మానేశాను. జీతం రూ.24,000, అందులో బేసిక్, డీఏ కలిపి రూ.18,000. జీతం పరిమితి దాటిందని, నోటీసు కాలం పూర్తి చేయలేదని, కంపెనీకి నష్టమొచ్చిందని బోనస్ ఇవ్వలేదు. నాకు హక్కు లేదా?

జవాబు: మీరు అడుగుతున్నది 2024-25 ఖాతా సంవత్సరం గురించి కనుక, వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చినప్పటికీ, మీకు వర్తించేది 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టమే. అక్కడ 20 మంది లేదా అంతకు మించి పనిచేస్తుంటే మీ హక్కు నిలుస్తుంది.

నెలకు రూ.21,000 పరిమితిని చూసేది చేతికొచ్చే మొత్తంతో కాదు, బేసిక్, డీఏలతోనే. ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైమ్ వంటివి ఆ లెక్కలోకి రావు. పే స్లిప్‌లో ఆ రెండు వరుసలు కలిపితే రూ.18,000 కనుక మీరు అర్హులే. ఆ ఏడాది కనీసం 30 పని దినాలు చేసి ఉంటే చాలు. మీరు తొమ్మిది నెలలు చేశారు.

అయితే బోనస్ లెక్కించేది రూ.18,000 మీద కాదు. రూ.7,000, మీ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కించాలి. కనీస వేతనం రూ.12,500 అనుకుందాం. తొమ్మిది నెలలకు రూ.1,12,500, అందులో కనీస బోనస్ 8.33 శాతం అంటే దాదాపు రూ.9,371. చాలా చోట్ల రూ.7,000తోనే సరిపెట్టి రూ.5,248 చేతిలో పెడతారు. ఈ తేడాను గట్టిగా అడగాలి.

నష్టం వచ్చినా ఈ కనీస బోనస్ ఇవ్వాల్సిందే. కొత్త సంస్థలకు మాత్రం తొలి ఐదేళ్లలో లాభం వచ్చిన ఏడాదికే ఈ బాధ్యత ఉంటుంది. ఇక బోనస్ పూర్తిగా పోయేది మోసం, సంస్థ ఆవరణలో హింసాత్మక ప్రవర్తన, సంస్థ ఆస్తిని దొంగిలించడం, కాజేయడం లేదా విధ్వంసం చేయడం, వీటిలో ఏదో ఒక కారణంతో ఉద్యోగం నుంచి తొలగించినప్పుడే. మీరు రాజీనామా చేశారు, మిమ్మల్ని తొలగించలేదు. నోటీసు కాలపు బాకీ ఒప్పందానికి సంబంధించిన వేరే లెక్క, అది బోనస్ హక్కును రద్దు చేయదు. ఉద్యోగి దుష్ప్రవర్తన వల్ల సంస్థకు ఆర్థిక నష్టం జరిగితే కోత పెట్టవచ్చు గానీ, అదీ ఆ ఏడాది బోనస్ నుంచి మాత్రమే.

ఖాతా సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లో, అంటే 2025 నవంబరు 30లోగా మీకు ఈ డబ్బు అందాలి. ముందుగా పే స్లిప్‌లు, రాజీనామా ఆమోదించిన లేఖ జతచేసి, ఎంత రావాలో లెక్కతో సహా కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో బోనస్ వరుస ఖాళీగా ఉంటే, ‘బకాయిలేమీ లేవు’ అన్న చోట సంతకం పెట్టకండి. జవాబు రాకపోతే అవే కాగితాలతో మీ ప్రాంత అసిస్టెంట్ లేబర్ కమిషనర్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి.