తెలియని ఆచారాన్ని తూచడం: మేనరికం మీద నేను రెండుసార్లు రాసిన ఎస్సే

ప్రశ్న: వేరేవాళ్ల ఆచారం మీద సోషియాలజీ ఎస్సే రాయాలి. తప్పుపడితే ఎత్నోసెంట్రిజం అంటారు. ఏమీ అనకపోతే అన్నిటినీ వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది. మరెలా రాయాలి?

నేను ఢిల్లీలో ఎంఏ చదివేటప్పుడు నా రూమ్మేట్‌ది హర్యానా. మా అమ్మ మా నాన్నకి మేనమామ కూతురని ఒక రాత్రి మాటల్లో చెప్పాను. "అంటే అన్నాచెల్లెళ్లా!" అంటూ తింటున్న ప్లేటు పక్కన పెట్టేసింది.

ఆ కోపంలో మేనరికం మీదే ఎస్సే రాశాను. మా ఆచారం మాది, అడగడానికి మీరెవరు అన్నట్టు సాగింది. మేడం మార్జిన్‌లో ఒక్క ముక్క రాశారు: "మరి బాబాయి కూతురితో పెళ్లి?" చదవగానే ఛీ అనిపించింది. అరబ్బు దేశాల్లో, మన దగ్గరా కొన్ని ముస్లిం కుటుంబాల్లో అది మామూలు పెళ్లే. రూమ్మేట్ ముఖంలో ఏం చూశానో అదే నా ముఖంలోనూ ఉందని అప్పుడు తెలిసింది.

రక్తం లెక్కన బాబాయి కూతురూ మేనమామ కూతురూ ఒకే దూరం. మనం ఒకరిని చెల్లి అంటాం, ఇంకొకరిని మరదలు అంటాం. హిందీలో మేనమామ కూతుర్ని కూడా 'బహన్' అనే అంటారు. చిన్నప్పటి నుంచి నోట నానిన పిలుపే మనకి లోకనీతిలా కనిపిస్తుంది. అమెరికన్ సోషియాలజిస్టు సమ్నర్ 1906లో ఎత్నోసెంట్రిజం అన్నది ఈ అలవాటునే. ఈ గొడవ మనకి కొత్తదీ కాదు. మేనమామ కూతుర్ని చేసుకోవడం దక్షిణాది ఆచారమనీ, ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు ఆచారమే ప్రమాణమనీ బౌధాయన ధర్మసూత్రం చెబుతూనే, ఇంకో ధర్మసూత్రకారుడు గౌతముడు ఒప్పుకోలేదని కూడా చెబుతుంది. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఈ సంబంధాన్ని నిషేధిస్తూనే, ఆచారం ఉంటే చెల్లుతుందని మినహాయింపు ఇచ్చింది.

రెండోసారి రాసినప్పుడు ముందు లోపలివాళ్ల మాటలే పెట్టాను. పొలం బయటికి పోదు, పిల్ల తెలిసిన ఇంటికే వెళ్తుంది అంటుంది మా నాన్నమ్మ. ఒక ఆచారాన్ని దాన్ని పాటించేవాళ్ల కళ్లతోనే చూడాలనే కల్చరల్ రిలేటివిజం పని ఇక్కడిదాకే: అర్థం చేసుకోవడానికి అదొక పద్ధతి, తీర్పు కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ లోపలివాళ్లందరిదీ ఒకే మాట కాదు కదా! సొంత మేనమామకే ఇచ్చి చేసిన మా పిన్ని "నన్నెవరు అడిగారు?" అంటుంది. ఆ మాట రాయకపోతే నాన్నమ్మ పక్షం వహించినట్టే.

తీర్పు చివర్లో చెప్పాను, రెండే కొలతలతో: ఇష్టం అడిగారా, హాని ఉందా అని. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి రెండు మూడు కాన్పుల్లో ఉంటే, మేనత్త మేనమామ పిల్లల పెళ్లిళ్లలో దాదాపు రెట్టింపు. బాబాయి కూతురి విషయంలోనూ అంతే. మేనమామతో అయితే ఇంకా ఎక్కువ. అవే కొలతలు రూమ్మేట్ ఊరికీ పెట్టాను. అక్కడ పెళ్లి చేసుకున్న ఇద్దరూ ఇష్టపడినా, గోత్రం ఒకటైతే ఖాప్ పంచాయతీలు వెలివేసిన సందర్భాలున్నాయి.

డ్రాఫ్ట్ అయ్యాక 'అనాగరికం', 'మన గొప్ప సంప్రదాయం' లాంటి మాటలు వెతికి కొట్టేయండి. నా మొదటి ఎస్సేలో రెండో రకం తొమ్మిది ఉన్నాయి.