అకౌంట్లో కట్ అయింది, ఓనర్‌కి చేరలేదు. కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది గాజువాక. ఎంవీపీ కాలనీలో ఇల్లు మాట్లాడుకుని ఈ నెల 3న ఓనర్ ఫోన్ నంబరుకి 40,000 అడ్వాన్స్ యూపీఐ చేశాను. నా అకౌంట్లో కట్ అయింది, ఆయన రాలేదంటున్నారు. ఇవాళ 21, బ్రాంచి చుట్టూ తిరుగుతూనే ఉన్నా, ఇంట్లో అందరూ నన్నే తిడుతున్నారు, ఓనర్ ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నారు. 1930కి ఫోన్ చేసి మోసం అని చెబితే డబ్బు ఆపేస్తారని ఫ్రెండ్ అన్నాడు. చేయొచ్చా? స్క్రీన్‌షాట్ పెట్టాను.

జవాబు: స్క్రీన్‌షాట్ చూశాను. పంపిన మొత్తం ఎంతో ఉంది, ఓనర్ పేరు ఉంది, కింద భాగం మాత్రం కత్తిరించేశారు. అక్కడే ఉంటుంది ఆ లావాదేవీని గుర్తుపట్టే 12 అంకెల యూటీఆర్ నంబరు, మీ కేసుకి ప్రాణం అదే. దాన్ని వదిలేసి 18 రోజులు బ్రాంచిలో నోటిమాటగా అడుగుతూ తిరిగారు. ఒక్క కాగితమైనా రాసిచ్చి రసీదు తీసుకున్నారా? తీసుకుని ఉంటే మీ ఉత్తరంలో ఆ ముక్క ఉండేది.

డెబిట్ వేరు, క్రెడిట్ వేరు. మీ బ్యాంకు ముందు మీ అకౌంట్లో కోసేస్తుంది, తర్వాత యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ద్వారా అవతలి బ్యాంకుకి ఈ అకౌంట్లో వేయండి అని మెసేజ్ వెళ్తుంది, అక్కడి సర్వర్ టైముకి జవాబు ఇవ్వకపోతే మీ ఫోన్లో Pending అని కూర్చుంటుంది, డబ్బు మాత్రం మీ దగ్గర తగ్గిపోయి ఉంటుంది. తర్వాత బ్యాంకులు లెక్కలు సరిచూసుకున్నప్పుడు అది ఓనర్‌కి పడాలి, లేదా మీకు వెనక్కి రావాలి. కాబట్టి తేలాల్సింది ఒక్కటే, ఆ యూటీఆర్ మీద క్రెడిట్ అయిందా లేదా.

కాలేదంటే మీది బలమైన కేసు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20 సర్క్యులర్ ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు జమ చేయలేకపోతే మర్నాటికల్లా వెనక్కి ఇచ్చేయాలి, అది దాటితే రోజుకి 100 రూపాయలు, మీరు అడక్కపోయినా బ్యాంకే ఇవ్వాలి. షాపులకి కట్టిన వాటికైతే 5 రోజుల గడువు. మీరు పంపింది 3న, గడువు 4తో అయిపోయింది, 5 నుంచి ఇవాళ్టికి 17 రోజులు, అంటే 1,700 రూపాయలు.

అయిందంటే కథ మారుతుంది. ఒకే ఫోన్ నంబరు మీద రెండు మూడు అకౌంట్లు ఉన్నవాళ్లు చాలామంది, డబ్బు ఆ నంబరుకి ఏ అకౌంటు పెట్టుకుంటే అందులో పడుతుంది, ఆయన చూసేది ఇంకో బ్యాంకు పాస్‌బుక్కు. మెసేజ్ రాలేదనడం సాక్ష్యం కాదండీ. ఆ నంబరుతో ఉన్న అన్ని అకౌంట్లకీ 3 నుంచి 6 వరకు స్టేట్‌మెంట్ చూడమని ఓనర్‌ని మర్యాదగా అడగండి.

ఇక ఆ 1930 సంగతి. చేయకండి! అది మోసపోయినవాళ్ల కోసం ఉన్న నంబరు. మీరు మీ ఇష్టంతో, తెలిసిన మనిషికి పంపారు, మోసం ఎక్కడుంది? ఆ ఫిర్యాదుతో ఓనర్ అకౌంటు ఫ్రీజ్ అయితే ఇల్లు పోవడమే కాదు, తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చారని భారతీయ న్యాయ సంహిత 217 సెక్షన్ కింద మీ మీదే కేసు రావొచ్చు. అలాగే నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్లకీ ఫోన్ చేయొద్దు, డబ్బు వెనక్కి రావడానికి పిన్ కొట్టమన్నవాడు దొంగే.

చేయాల్సింది ఇది. ముందు యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టండి, టికెట్ నంబరు రాసుకోండి. రేపే మీ బ్రాంచికి వెళ్లి ముద్ర, సంతకం ఉన్న స్టేట్‌మెంట్ తీసుకోండి, యూటీఆర్, తేదీ, పంపిన మొత్తం రాసి, క్రెడిట్ స్థితి లిఖితంగా చెప్పమని, జమ కాకపోతే అసలుతోపాటు రోజుకి 100 చొప్పున ఇవ్వమని అర్జీ ఇచ్చి నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. ఈమెయిల్ కూడా పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, కానీ ముందు బ్యాంకుకి రాసిన కాగితం లేకపోతే అది నిలబడదు. వినియోగదారుల కమిషన్‌కి గడువు 2 ఏళ్లు, మీరు ఉండేది విశాఖే కాబట్టి ఇక్కడి జిల్లా కమిషన్లోనే వేసుకోవచ్చు.

ఓనర్ తొందరపెడుతున్నారని రెండోసారి 40,000 పంపకండి. ఆయనకి జమ కానంతవరకు అడ్వాన్స్ అందనట్టే, అది నిజం, ఆయన మాటలో తప్పులేదు. అందుకే వారం గడువు అడిగి, మొదటి డబ్బు ఎప్పుడు పడినా అడ్వాన్స్ కిందే జమ చేసుకుంటానని ఆయన చేత వాట్సాప్‌లో ఒక్క లైను రాయించుకోండి. బ్యాంకు రసీదు చేతికొచ్చాక దాని ఫొటో, కత్తిరించని స్క్రీన్‌షాట్ నాకు పంపండి.