పీసు రేటుకి చేరాలా, నెలజీతానికి చేరాలా?

"సింగరాయకొండ దగ్గర స్కూలు యూనిఫాం కుట్టే యూనిట్లో హాఫ్ చొక్కాకి 22 రూపాయలు ఇస్తామంటున్నారు. రోజుకి 25 అవుతాయంట, అంటే 550. ఒంగోల్లో ఇంకో చోట నెలకి 11 వేలు, ఎనిమిది గంటల పని, ఆదివారం సెలవు. నాకు మిషను బాగానే వచ్చు. పీసు రేటే మేలు కదా అక్కా?"

చెల్లీ, ఆ 25 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడుగు. నేను కావలిలో ఇలాంటి యూనిట్లోనే రెండేళ్లు చేశాను, రేటు కూడా ఇదే 22. మాకూ 25 అనే చెప్పారు. తర్వాత తెలిసిందేమంటే, మా మేస్త్రి అందరికంటే స్పీడుగా కుట్టే అమ్మాయి పక్కన నిలబడి, ఒక్క చొక్కాకి ఫోన్లో టైం పెట్టి చూశాడు, 19 నిమిషాలొచ్చింది. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు, 19తో భాగిస్తే 25. అంతే లెక్క. ఆ ఒక్క చొక్కాలో బాబిన్ అయిపోలేదు, దారం తెగలేదు, సూది విరగలేదు, బండిల్ విప్పి కాలర్లు, చేతులు సైజు ప్రకారం సర్దుకునే పని కూడా లేదు.

నేను ఒక చొక్కా కాకుండా పది చొక్కాల బండిల్‌కి టైం చూశాను, ముడి విప్పినప్పటి నుంచి మళ్లీ కట్టి చెకింగ్ బల్ల మీద పెట్టేదాకా. నాలుగు గంటలు పట్టింది, అంటే చొక్కాకి 24 నిమిషాలు. గళ్ల గుడ్డ అయితే జేబు దగ్గర గళ్లు కలపాలి కాబట్టి ఇంకా ఎక్కువ పట్టేది, రేటు మాత్రం అదే.

అసలు దెబ్బ ఇక్కడ కూడా కాదు. ఒక వారం చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాను, పొద్దున ఎన్నింటికి లోపలికి పోయాను, ఎన్నింటికి బయటికొచ్చాను, మధ్యలో మిషను ఎందుకు ఆగింది. తొమ్మిదికి పోతే ఏడున్నరకి వచ్చేదాన్ని, అన్నానికి అరగంట తీసేస్తే రోజుకి పది గంటలు, ఆరు రోజులకి 60 గంటలు. కుట్టినవి 118. డబ్బులు 2,596.

118 చొక్కాలు చొక్కాకి 24 నిమిషాల చొప్పున వేస్తే 47 గంటలు. మరి మిగతా 13 గంటలు ఏమయ్యాయి? కటింగ్ కాక బండిల్ కోసం ఖాళీగా కూర్చున్నది ఆరు గంటలు, చెకింగ్‌లో వెనక్కొచ్చిన చొక్కాలు విప్పి మళ్లీ కుట్టింది మూడు గంటలు, కరెంటు పోయింది రెండు గంటలు, సాయంత్రం పీసులు లెక్కపెట్టి పుస్తకంలో రాయించుకోడానికి లైన్లో నిలబడ్డది ఇంకో రెండు. వీటికి ఒక్క రూపాయి రాదు. వెనక్కొచ్చిన వాటిలో సగం నా తప్పు కూడా కాదు, కాలర్ కటింగే పొట్టిగా వచ్చింది, అయినా విప్పాల్సింది నేనే.

ఇప్పుడు 2,596ని 60తో భాగించు. గంటకి 43 రూపాయలు. నీ నెలజీతం 11 వేలని 26 రోజులకి, రోజుకి ఎనిమిది గంటలకి భాగిస్తే గంటకి దాదాపు 53. రోజుకి 550 అని చెప్పిన పని నాకు ఇచ్చింది పది గంటలకి 433. రోజుకి ఎనిమిది గంటలే పనిచేసి ఇంటికి పోయి ఉంటే 346 వచ్చేది.

ఇది పట్టుకుపోయి మేస్త్రికి చూపిస్తే "నీ చెయ్యి స్లో అమ్మా" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ అనుమానం ఉండేది. అందుకే, 19 నిమిషాల్లో కుట్టిన ఆ అమ్మాయినే వచ్చే వారం రాయమన్నాను. తను 139 కుట్టింది, అవే 60 గంటలు. గంటకి 51. అందరికంటే స్పీడున్న చెయ్యి కూడా 53 అందుకోలేదంటే తప్పు చేతిలో లేదు, రేటులో ఉంది. ఈ లెక్క ఒక్కళ్లది చూపిస్తే ఎవరూ వినరు, కనీసం ముగ్గురివి కావాలి, స్పీడుగా కుట్టే మనిషిది తప్పకుండా ఉండాలి.

రేటు ఎంత ఉంటే సరిపోతుందో కూడా ఇందులోంచే వస్తుంది. 60 గంటలని నిమిషాలు చేసి 118తో భాగిస్తే చొక్కాకి 30న్నర నిమిషాలు, ఖాళీ టైం అంతా కలిపి. గంటకి 53 రావాలంటే చొక్కాకి 27 రూపాయలు పడాలి. మేము 27 అడిగాం, 24 ఇచ్చారు. దాంతోపాటు పొద్దున తొమ్మిదికల్లా రెండేసి బండిళ్లు మిషను దగ్గర ఉండాలని పట్టుబట్టాం, దాంతో ఖాళీగా కూర్చునేది వారానికి ఆరు గంటల నుంచి రెండు గంటలకి తగ్గింది. ఆ నాలుగు గంటల్లో పది చొక్కాలు ఎక్కువ అయ్యేవి. లెక్కేసి చూస్తే రేటు రెండు రూపాయలు పెరిగినందుకు ఎంత కలిసొచ్చిందో, బండిల్ టైముకి వచ్చినందుకూ దాదాపు అంతే కలిసొచ్చింది. ఓనరుకి రేటు పెంచడం కంటే ఇది ఒప్పుకోవడం తేలిక కూడా. రెండూ కలిపి నాకు గంటకి 51 దాకా వచ్చింది.

చట్టం సంగతి. పీసు రేటు అంటే కనీస వేతనం వర్తించదని చాలామంది అనుకుంటారు, మా యూనిట్లో అయితే ఓనరే అలా చెప్పేవాడు. అది తప్పు. ఒక పనికి ప్రభుత్వం రోజు లెక్కన కనీస వేతనం పెట్టి, పీసుకి ఇంత అని విడిగా పెట్టకపోతే, పీసు మీద పనిచేసే మనిషికి కూడా ఆ రోజు వేతనం తగ్గకూడదు. 1948 కనీస వేతనాల చట్టంలో 17వ సెక్షన్ ఇదే, ఇప్పటి 2019 వేతనాల కోడ్‌లోనూ ఈ మాట ఉంది. నువ్వు పనికి సిద్ధంగా వచ్చి, ఓనరు పని చూపించలేక ఖాళీగా కూర్చోబెడితే, ఆ రోజుకీ పూర్తి వేతనం రావాలి. వారానికి 48 గంటలు దాటిన పనికి ఓవర్‌టైం రెట్టింపు అనేది ఫ్యాక్టరీలో పీసు రేటు వాళ్లకీ ఉంది, నా 60 గంటల్లో 12 గంటలు అలాంటివే, ఆ రెట్టింపు మాట మా దగ్గర ఎవరూ ఎత్తలేదు. మన రాష్ట్రంలో కనీస వేతనంలో కలిసే కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మారుతుంది కాబట్టి, పాత కాగితం చూసి లెక్క వేసుకోకు, టైలరింగ్‌కి ఇప్పుడు నడుస్తున్న రేటు లేబర్ ఆఫీసులో అడుగు. నెల లెక్కలో ఇస్తే 26తో భాగించి, ఎనిమిదితో భాగించు, గంటకి ఎంతో వస్తుంది.

ఆ లెక్క చెప్పడానికి నోటు పుస్తకమే ఆధారం, అందుకే టైముతో పాటు పీసుల చీటీలు కూడా దాచుకో. మా దగ్గర సాయంత్రం ఇచ్చిన చీటీ శనివారం డబ్బులిచ్చేటప్పుడు వెనక్కి తీసుకునేవారు, నేను ముందే ఫోటో తీసి పెట్టుకునేదాన్ని.

ఇంటికి బండిల్ తెచ్చుకుని కుట్టేవాళ్లకి ఈ లెక్క కొంచెం తేడా. మధ్యలో అన్నం వండుకుంటారు, పిల్లల్ని చూసుకుంటారు, కాబట్టి మిషను మీద కూర్చున్న టైమే రాయాలి. కానీ దారం రీళ్లు, సూదులు, కరెంటు బిల్లు, బండిల్ తెచ్చి ఇచ్చే ఆటో ఛార్జీ ముందే డబ్బుల్లోంచి తీసెయ్యాలి. అక్కడ 22 అంటే చేతికి 22 కాదు.

నీ విషయానికొస్తే, సింగరాయకొండ వాళ్లని మూడు విషయాలు అడుగు. వెనక్కొచ్చిన చొక్కా కటింగ్ తప్పైతే ఎవరు విప్పాలి, బండిల్ లేని రోజు ఎంత ఇస్తారు, జూన్‌లో స్కూళ్లు తెరిచాక ఆగస్టు, సెప్టెంబర్‌లో వారానికి ఎన్ని రోజులు పని ఉంటుంది. మూడోదానికి నేరుగా జవాబు రాకపోతే ఒంగోలుకే పో, ఎందుకంటే మా దగ్గర ఏప్రిల్, మేలో రాత్రి తొమ్మిది దాకా కుట్టించి ఆగస్టులో వారానికి మూడు రోజులే పిలిచారు. ఒంగోలుకి రోజూ రైల్లోనో బస్సులోనో పోయొచ్చే ఖర్చు, టైము మాత్రం ఆ 53లోంచి తీసి చూసుకో. చేరాలనే ఉంటే ఒక వారం చేసి, గంటకి ఎంత పడిందో ఇక్కడే రాయి, కలిసి చూద్దాం.