బ్యూరెట్, పిపెట్, బ్యాలెన్సు దోషాలను కలిపి గాఢతలో అనిశ్చితిని లెక్కించడం ఎలా?

ప్రశ్న: కడపలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టులో భాగంగా సోడియం కార్బొనేట్‌తో హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత కనుక్కుంటే 0.09927 వచ్చింది. దాని పక్కన ± ఎంతో రాయమని మా సార్ అడిగారు. బ్యూరెట్ మీద ±0.05 మి.లీ., పిపెట్ మీద ±0.03 మి.లీ. అని ఉంది, బ్యాలెన్సు 0.0001 గ్రాము వరకు చూపిస్తుంది. ఈ మూడింటినీ కూడితే సరిపోతుందా? వర్గాలు చేసి కూడాలని ఒక స్నేహితుడు అంటున్నాడు, ఎందుకో చెప్పలేకపోయాడు. 1.3250 గ్రాములను 250 మి.లీ. ఫ్లాస్కులో కరిగించి, ప్రతిసారీ 20 మి.లీ. తీసుకున్నాను. రీడింగులు 20.10, 20.20, 20.15.

జవాబు:

మీ స్నేహితుడు చెప్పిందే సరైనది. అయితే వర్గాలు చేసే ముందు ఇంకో రెండు పనులున్నాయి. అవి చేయకపోతే వర్గాలు చేసినా ప్రయోజనం ఉండదు. నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు కర్మాగారం ల్యాబులో చాలాకాలం పనిచేశాను. ముడి పొడిలో కార్బొనేట్ ఎంతుందో చూడటానికి రోజూ ఈ ఆమ్లంతోనే టైట్రేషన్ చేసేవాళ్లం. అక్కడ 78 శాతం దగ్గర రావలసిన ఫలితం, ఆమ్లం గాఢతలో 0.3 శాతం తేడా ఉంటే చాలు, 0.2 కు పైగా జరిగిపోతుంది. అందుకే ఈ లెక్క నాకు పుస్తకంలోని అధ్యాయంలా కాక రోజువారీ పనిలో భాగంగా అలవాటైంది.

మొదటి పని, దోషాలన్నింటినీ ఒకే కొలతలోకి తేవడం. మి.లీ.లను గ్రాములతో కూడలేం. మీ సూత్రం చూడండి:

```
C = 2 × m × Vp / (M × Vf × Vb)
```

ఇందులో m తూచిన బరువు, M సోడియం కార్బొనేట్ అణుభారం (105.99), Vp పిపెట్, Vf ఫ్లాస్కు, Vb బ్యూరెట్ ఘనపరిమాణాలు, Vf ను మాత్రం లీటర్లలో, అంటే 0.250 గా, వేయాలి. అంతా గుణకారం, భాగహారమే కాబట్టి ప్రతి దోషాన్నీ దాని విలువతో భాగించి శాతంగా రాస్తే చాలు. Vp లో 0.1 శాతం తేడా వస్తే C లోనూ 0.1 శాతం తేడా వస్తుంది, మిగతావాటికీ అంతే. మీరు ఇచ్చిన జాబితాలో ఫ్లాస్కు లేదు. 250 మి.లీ. క్లాస్ ఏ ఫ్లాస్కుకు ±0.15 మి.లీ. దోషం ఉండవచ్చు, దాన్నీ చేర్చాలి.

రెండో పని, గాజు మీద రాసి ఉన్న ± ను అర్థం చేసుకోవడం. ±0.03 అంటే ఆ పిపెట్ దోషం ఈ హద్దు దాటదని తయారీదారు ఇచ్చే మాట మాత్రమే. హద్దు లోపల అసలు దోషం ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఎక్కడైనా ఉండవచ్చు. ఇలాంటి హద్దును ప్రామాణిక అనిశ్చితిగా మార్చడానికి √3 తో భాగిస్తారు. పిపెట్‌కు 0.03 ను 1.732 తో భాగిస్తే 0.0173 మి.లీ., అంటే 20 లో 0.087 శాతం. ఫ్లాస్కుకు 0.087 మి.లీ., 250 లో 0.035 శాతం. బ్యూరెట్‌కు 0.029 మి.లీ., 20.15 లో 0.143 శాతం.

బ్యూరెట్ దగ్గర చాలామంది ఒక సందేహంతో ఆగిపోతారు. పైన ఒకసారి, కింద ఒకసారి చదివాం కదా, 0.05 ను రెండుసార్లు లెక్కించాలా అని. అక్కర్లేదు. బ్యూరెట్ల ప్రమాణం ప్రకారం ఆ హద్దు ఏ గీత దగ్గరి దోషానికైనా, ఏ రెండు గీతల దోషాల మధ్య తేడాకైనా వర్తిస్తుంది. కాబట్టి ఒక్కసారి చాలు. బ్యాలెన్సు సంగతి వేరు. తూచే సీసాను పొడితో ఒకసారి, పొడి ఒంపాక ఒకసారి తూస్తారు కాబట్టి అక్కడ రెండు కొలతలున్నాయి. నాలుగు దశాంశాల బ్యాలెన్సుకు ఒక్కో కొలతలో ±0.0002 గ్రాము అనుకుంటే √3 తో భాగించి, √2 తో గుణించగా 0.00016 గ్రాము వస్తుంది. 1.3250 లో అది 0.012 శాతం.

ఇక మీ చేతి వల్ల వచ్చే తేడా. మెనిస్కస్ అడుగును గీతతో పోల్చి చదవడంలో, రంగు మారే ఆ చివరి చుక్కను ఆపడంలో ప్రతిసారీ కొంచెం తేడా వస్తుంది. దాన్ని మీ మూడు రీడింగులే చెబుతున్నాయి. సగటు 20.15, ప్రామాణిక విచలనం 0.05. సగటుకు ఉండే అనిశ్చితి కావాలి కాబట్టి √3 తో భాగిస్తే 0.029 మి.లీ., అంటే మళ్లీ 0.143 శాతం. ఇక్కడి √3 రీడింగులు మూడు కాబట్టి వచ్చింది, పైన వాడిన √3 తో దానికి సంబంధం లేదు. చదవడంలోని దోషం, చుక్క దోషం ఈ తేడాలోనే కలిసి ఉన్నాయి కాబట్టి వాటిని విడిగా మళ్లీ చేర్చకండి.

మీరు రీడింగులను వచ్చినవి వచ్చినట్టు రాయడం నాకు నచ్చింది. చాలా రికార్డుల్లో 20.1, 20.1, 20.1 అని కనిపిస్తుంది. అప్పుడు విచలనం సున్నా అవుతుంది కానీ అనిశ్చితి సున్నా కాదు, 0.1 కంటే సన్నగా చదవలేదని మాత్రమే దానర్థం. అలాంటి రికార్డులో ఒక్కో రీడింగుకు ±0.05 హద్దు పెట్టి, రెండు రీడింగుల తేడా కాబట్టి 0.041 మి.లీ. వేసుకోవాలి. చూడటానికి పొందికగా ఉన్న రికార్డే ఎక్కువ అనిశ్చితి ఇస్తుందన్నమాట.

ఇప్పుడు వర్గాలు ఎందుకో చూద్దాం. పిపెట్ కొంచెం ఎక్కువ వదిలేదై ఉండవచ్చు, బ్యూరెట్ కూడా ఎక్కువ వదిలేదై ఉండవచ్చు. అప్పుడు ఒకటి లవంలో, ఒకటి హారంలో ఉన్నాయి కాబట్టి రెండు దోషాలూ కొంతవరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వేరువేరు పరికరాల దోషాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు, అన్నీ ఒకేసారి ఒకే వైపు తమ గరిష్ఠానికి వెళ్లడం చాలా అరుదు. నేరుగా కూడితే ఆ అరుదైన పరిస్థితినే మామూలు పరిస్థితిగా రాసినట్టవుతుంది. సంబంధం లేని రెండు దోషాలు లంబకోణ త్రిభుజంలోని రెండు భుజాల్లా కలుస్తాయి, మొత్తం కర్ణం అవుతుంది. మీ అంకెలతో:

```
బ్యాలెన్సు      0.012²  = 0.00014
ఫ్లాస్కు        0.035²  = 0.0012
పిపెట్         0.087²  = 0.0075
బ్యూరెట్ హద్దు   0.143²  = 0.0205
రీడింగుల తేడా   0.143²  = 0.0205
మొత్తం                  = 0.0498
√0.0498               = 0.22 శాతం
```

0.09927 లో 0.22 శాతం అంటే 0.00022. సాధారణంగా సుమారు 95 శాతం నమ్మకంతో చెప్పడానికి దీన్ని 2 తో గుణిస్తారు. ఫలితం 0.0993 ± 0.0004 మోల్/లీటరు. ఐదో దశాంశంలోని 7 కు ఇక్కడ చోటు లేదు. ఇవే శాతాలను నేరుగా కూడి ఉంటే 0.42 వచ్చేది, దాదాపు రెట్టింపు.

ఆ పట్టికను ఇంకొకసారి చూడండి, మీ ప్రాజెక్టులో రాయదగిన అసలు విషయం అక్కడుంది. మొత్తంలో బ్యూరెట్‌కు సంబంధించిన రెండు వరుసలే 82 శాతం. బ్యాలెన్సు వంతు అర శాతం కూడా లేదు. ఐదు దశాంశాల బ్యాలెన్సు తెచ్చినా చివరి అంకె కదలదు. మరి ఎక్కువసార్లు టైట్రేషన్ చేస్తే? మూడు బదులు పన్నెండు చేస్తే చివరి వరుస నాలుగో వంతుకు తగ్గుతుంది, కానీ మిగతా వరుసలు అలాగే ఉంటాయి. ఆ పిపెట్ దోషం ఎన్నిసార్లు వాడినా అదే దోషం, సగటు తీస్తే పోయేది కాదు. మొత్తం 0.22 నుంచి 0.19 కి మాత్రమే వస్తుంది. రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఫలితం నిజానికి దగ్గరగా ఉందనుకోవద్దని మా ల్యాబులో కొత్తగా చేరినవారికి మొదట చెప్పేది ఇందుకే.

దానికంటే తేలికైన మార్గం ఉంది. 1.3250 బదులు 2.65 గ్రాములు తూచి అదే 250 మి.లీ.లో కరిగించండి. అప్పుడు బ్యూరెట్ నుంచి 40.3 మి.లీ. దిగుతుంది. 0.029 అలాగే ఉన్నా భాగించే అంకె రెట్టింపయింది కాబట్టి బ్యూరెట్ వరుసలు రెండూ ఒక్కోటి 0.072 శాతానికి తగ్గుతాయి, మొత్తం 0.14 అవుతుంది. అదనపు పని ఏమీ లేదు. అయితే 50 మి.లీ. దాటనివ్వకండి. మధ్యలో మళ్లీ నింపితే ఇంకో రెండు రీడింగులు వచ్చి చేరతాయి.

అప్పుడు పిపెట్ వరుస పెద్దదవుతుంది. దాన్ని తగ్గించాలంటే నీటితో తూచి చూడటమే. మూత ఉన్న సీసాను తూచి, స్వేదనజలాన్ని గీత వరకు తీసి అందులోకి వదలండి. ప్రవాహం ఆగాక కొనను సీసా గోడకు ఆనించి కాసేపు ఆగండి. కొనలో మిగిలిన చుక్కను ఊదకండి, అది లెక్కలోది కాదు. 30 డిగ్రీల నీరు సరిగ్గా 20 మి.లీ. ఉంటే గాలిలో 19.89 గ్రాములు తూగుతుంది. ఐదారుసార్ల సగటు 19.87 వస్తే మీ పిపెట్ 19.98 మి.లీ. వదులుతోందని తెలుస్తుంది. అప్పుడు సూత్రంలో 20 బదులు 19.98 వాడతారు, ±0.03 హద్దుతో ఇక పని లేదు.

ఈ పట్టికలోకి రానివి కొన్ని ఉన్నాయి. కార్బొనేట్‌ను సుమారు 270 డిగ్రీల వద్ద ఎండబెట్టకపోతే అది పీల్చుకున్న తేమ పై వరుసలన్నింటినీ మించిపోతుంది. బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉండి మధ్యలో పోతే ఆ ఒక్క రీడింగు మిగతావాటికి దూరంగా పడుతుంది, కనిపెట్టడం తేలిక.

కనిపెట్టలేనిది వేడి. ఎండాకాలంలో మన వైపు ఉదయం 30 డిగ్రీల దగ్గర ఫ్లాస్కును గీత వరకు నింపి, మధ్యాహ్నం ల్యాబు 38 కి చేరాక టైట్రేషన్ చేశారనుకోండి. నీటి సాంద్రత 0.9957 నుంచి 0.9930 కి తగ్గుతుంది. పిపెట్‌లోకి వచ్చే 20 మి.లీ.లో ఉదయం కంటే 0.27 శాతం తక్కువ కార్బొనేట్ ఉంటుంది. సూత్రానికి అది తెలియదు కాబట్టి గాఢత అంత ఎక్కువగా వస్తుంది. పై దోషాలన్నీ కలిపి తేల్చిన 0.22 కంటే ఇదొక్కటే పెద్దది. దీని దిశ తెలుసు కాబట్టి దీన్ని వర్గాల్లో కలపకూడదు, సరిదిద్దాలి లేదా రాకుండా చూసుకోవాలి. ద్రావణాలు గది ఉష్ణోగ్రతకు వచ్చాకే గీత వరకు నింపి, ఆ పూటే టైట్రేషన్ ముగించండి. గాజు మీద 20 డిగ్రీలని ఉందో 27 అని ఉందో చూసి రాసుకోండి. రికార్డులో 0.0993 ± 0.0004 పక్కనే ఆ రోజు ద్రావణం ఉష్ణోగ్రత కూడా వేయండి. 38 డిగ్రీల వద్ద 0.0993 ఉన్న ఆమ్లం మర్నాడు ఉదయం 30 కి చల్లబడితే 0.0996 అవుతుంది.