వడ్డీ రేటు తగ్గితే పెట్టుబడి 10 కాదు, 12.5 ఎందుకు పెరిగింది?

“C = 100 + 0.5Y, I = 200 + 0.1Y − 1000i, G = 100. రేటు 6 నుంచి 5 శాతానికి తగ్గింది. పెట్టుబడి 10 పెరగాలి కదా, ఆన్సర్‌లో 12.5 ఉంది. పైగా ఐఎస్ రేఖను కుడికి జరిపానని సార్ కొట్టేశారు.”

మీ 10 తప్పేం కాదండీ, అది మొదటి అడుగు మాత్రమే. Y = C + I + G లో అన్నీ పెట్టండి:

```
0.4Y = 400 − 1000i
i = 0.06 → Y = 850, I = 225
i = 0.05 → Y = 875, I = 237.5
```

వడ్డీ తగ్గినందుకు పెట్టుబడి 10 పెరిగింది. దాంతో ఉత్పత్తి, ఆదాయం పెరిగాయి, వినియోగమూ పెరిగింది. అలా అమ్మకాలు పెరిగేకొద్దీ కంపెనీలు ఇంకాస్త పెట్టుబడి పెడతాయి. ఉత్పత్తి మొత్తం 25 పెరిగింది కాబట్టి 0.1 × 25 = 2.5. మీరు వదిలేసింది ఇదే.

ఇక బొమ్మ సంగతి. ఐఎస్ రేఖను గీసేటప్పుడే వడ్డీ నిలువు అక్షం మీద ఉంది, అందుకే రేటు మారితే ఆ రేఖ కదలదు. అడ్డంగా ఉన్న ఎల్‌ఎం రేఖ 6 నుంచి 5కి దిగుతుంది, మనం ఐఎస్ మీదే కిందికి, కుడివైపుకి జారతాం. G పెరిగితేనో, పన్ను తగ్గితేనో ఐఎస్ జరుగుతుంది.

2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ రెపోను 6 నుంచి 5.5 శాతానికి తగ్గించింది. ఈ మోడల్‌లో అదీ ఎల్‌ఎం దిగడమే. కాకపోతే బ్యాంకులు లోన్ల వడ్డీ తగ్గించకపోతే I కదలదు.