మిషన్ మీద మిగిలిందంతా లాభమేనా?

ప్రశ్న: మాది నర్సంపేట. ఎరువుల దుకాణంతో పాటు రెండు వరికోత మిషన్లు కిరాయికి తిప్పుతున్నం. పోయినేడు డీజిల్, డ్రైవర్లు, రిపేర్లు, బ్యాంకు వడ్డీ పోను మిషన్ల మీద 8 లక్షలు మిగిలినయి. బంగారం కుదువబెట్టి, చిట్టి ఎత్తి మూడో మిషన్ కొనొచ్చా?

జవాబు: వద్దు. వరి ప్రాంతాల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే పొరపాటు ఉంటుంది. బ్యాంకు సొమ్ముకు వడ్డీ లెక్కేస్తారు, సొంత సొమ్ము మాత్రం ఊరికే వచ్చిందనుకుంటారు.

మీరు పంపిన కాగితాన్నే ఈవీఏ పద్ధతిలో, అంటే సొంత సొమ్ముకు కూడా ఖర్చు కట్టి చూసే లెక్కలో మళ్లీ రాశాను. ముందు ఆ 8 లక్షలకు బ్యాంకు వడ్డీ 2.2 లక్షలు తిరిగి కలపాలి. ఎందుకంటే పెట్టుబడి ఖర్చు మొత్తాన్ని చివర్లో ఒకేసారి తీస్తాం, ఇక్కడా తీస్తే వడ్డీ రెండుసార్లు పడుతుంది. 48 లక్షలకు కొన్న మిషన్లు మూడేళ్లకు 30 లక్షలయ్యాయి, అంటే ఏటా 6 లక్షల అరుగుదల. అది మీ కాగితంలో లేనే లేదు. అది తీస్తే 4.2 లక్షలు. పన్ను 20 శాతం అనుకుంటే చేతికొచ్చేది 3.36 లక్షలు.

ఇక ఇరుక్కున్న సొమ్ము చూడండి. మిషన్లు 30 లక్షలు, స్పేర్ పార్టులు 2 లక్షలు, రైతుల దగ్గర ఆగిన కిరాయి బాకీ 8 లక్షలు, మొత్తం 40. ఇందులో సగం 11 శాతం మీద తెచ్చిన బ్యాంకు అప్పు, పన్ను మినహాయింపు పోతే 8.8 శాతం పడుతుంది. మిగతా సగం మీది. వడగళ్లకు, ఖాళీ సీజన్లకు ఎదురొడ్డే సొమ్ముకు 15 శాతమన్నా రావాలి. సగటున సుమారు 12 శాతం చొప్పున 4.8 లక్షలు తీస్తే మిగిలేది మైనస్ 1.44 లక్షలు. 15 ఎక్కువంటారా? మీ సొమ్ముకు ఎఫ్‌డీలాగా 7 శాతమే వేసినా మిగిలేది 20 వేలు. ఆ 20 వేల కోసం ఇంత తిప్పలా?

అలాగని ఉన్న మిషన్లు రేపే అమ్మనక్కర్లేదు. బాకీ మొత్తం వసూలైతే ఇరుక్కున్న సొమ్ము 32 లక్షలకు దిగుతుంది, లోటు 48 వేలకు తగ్గుతుంది. సీజన్లో ఇంకో మిషన్ అవసరమైతే బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాటిని మాట్లాడుకోండి.

నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. మిషన్లు సంపాదించేది వానకాలం, యాసంగి కోతల్లోనే, కిస్తీ మాత్రం పన్నెండు నెలలూ. మీ కాగితంలో అత్యవసర నిధి గడి ఖాళీగా ఉంది! ఆరు నెలల కిస్తీలు, డ్రైవర్ల జీతాలు, ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. అందులో మిషన్ల కోసం ఉంచే భాగం కూడా మిషన్ల పెట్టుబడే, దాన్ని కలిపితే లోటు ఇంకా పెరుగుతుంది. ఇది లేకుండా బంగారం కుదువబెడితే ఒక్క యాసంగి పంట వానకు పడిపోయినా నగలు వేలానికి పోతాయి. చిట్టి పాటలో వదులుకునేది కూడా వడ్డీయే, పేరు వేరు అంతే.

యాసంగి కోతలు మొదలయ్యేలోపు ఆ 8 లక్షల కిరాయి బాకీ వసూలు చేసి, నేరుగా ఆ నిధిలో వేయండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.