చిట్టీ, ఆ మాత్రలు మొదలుపెట్టే ముందు

చిట్టీ,

పెళ్లయ్యాక రెండేళ్లు పిల్లలు వద్దనుకున్నారనీ, అందుకు మాత్రలు వాడతావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాట తేల్చుకున్నది నువ్వేనని విని గర్వపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తలనొప్పికి ముందు కళ్లెదుట వంకరటింకర గీతలు మెరుస్తాయని పదో తరగతిలో నాతో చెప్పావు కదా, దాన్నే ఆరా అంటారు. నాకూ అదే.

ఆరాతో మైగ్రేన్ వచ్చేవాళ్లకు, రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే సుమారు రెట్టింపు. నీ వయసులో ఆ ముప్పు ఎంతో తక్కువ కనుక రెట్టింపైనా తక్కువే. దానికి ఈస్ట్రోజెన్, పొగ, బీపీ తోడైతేనే లెక్క మారుతుంది. అందుకే ఆరా ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కాపర్-టి గురించి, ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్రల గురించి అడుగు. డాక్టరుతో తలనొప్పి అని ఊరుకోక, గీతల సంగతి చెప్పు.

నేను చెప్పలేదు. గీతలు కనిపిస్తే కళ్లజోడు రెండుసార్లు మార్పించుకున్న తెలివి నాది! నాకూ ఆ గర్భనిరోధక మాత్రలు రాసేటప్పుడు తలనొప్పి ఉందా అని డాక్టరు అడిగితే, అందరికీ ఉండేదే అన్నాను. బీపీ ఎన్నడూ చూపించుకోలేదు. 36 ఏళ్లప్పుడు ఒక ఆదివారం పొద్దున బియ్యం ఏరుతుంటే చేటలో కుడి సగం మాయమైంది. మామూలుగా నాకు చిన్న మెరుపుచుక్కగా మొదలై, పావుగంట మెల్లగా పాకి, గంటలోపు పోయేది. ఆ రోజు మెరుపూ లేదు, పాకడమూ లేదు. దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా చీకటి. ఎప్పటిదే అనుకుని నుదుటికి తడిగుడ్డ కట్టుకుని పడుకున్నాను. సాయంత్రం లేచి ద్వారబంధానికి భుజం గుద్దుకుంటే గానీ మీ బాబాయి ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. మెదడు వెనక ఎడమవైపు కొంత దెబ్బతిందన్నారు. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. నేను పగలంతా పడుకున్నాను. ఇప్పటికీ విస్తట్లో కుడివైపు వడ్డించినది కనబడదు, మీ బాబాయి ఆకు తిప్పుతాడు. నీకు ఎప్పుడైనా చూపు అలా ఒక్కసారిగా పోయినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా పడుకోవద్దు. 108కి ఫోను చెయ్యి.

ఆ రోజు నా బీపీ 160/100. బీపీ మాత్ర మొదలుపెట్టాను, రోజూ అరగంట నడిచాను, ఉప్పు మొత్తం ఒక చెంచాకు మించకుండా చూసుకున్నాను. ఆవకాయ మానడమే అన్నింటికంటే కష్టమైంది. ఏడాదికి 126/80కి వచ్చింది. గీతలు ఇప్పటికీ వస్తాయి, అవి తగ్గితే పక్షవాతం ముప్పు తగ్గుతుందని ఎవరూ తేల్చలేదు. బీపీ తగ్గితే తగ్గుతుందన్నది మాత్రం తేలిన సంగతే. వేళకు నిద్రపో, భోజనం మానకు, పొగ జోలికి పోకు.

నీ చీరల పెట్టెలో బీపీ మిషను పెడుతున్నాను. ఇద్దరూ చూసుకోండి. జాడీ మాత్రం పంపను, మీ అమ్మ ఎలాగూ పంపుతుంది.

పిన్ని